ఆగిన చోటి నుంచే: డౌన్‌లోడ్ కథ

టెలిఫోను తీగ మీద ఫైళ్లు నడిచిన రోజుల్లో, ఇంట్లో ఎవరైనా పక్కగదిలో రిసీవరు ఎత్తితే చాలు, గంటసేపు దిగిన ఫైలు గంగలో కలిసేది. ఆ బాధలోంచే ఈనాటి 'రెజ్యూమ్' మీట పుట్టింది.

1977లో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సన్ రాసిన ప్రోగ్రాము నుంచి ఎక్స్‌మోడెమ్ పద్ధతి వచ్చింది. ఫైలును 128 బైట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక మొత్తం కట్టి పంపేది. అవతలి యంత్రం ఆ మొత్తం సరిచూసుకుని 'అందింది' అంటేనే తర్వాతి ముక్క కదిలేది. తప్పు దొర్లితే అదే ముక్క మళ్లీ వచ్చేది. చాలా తెలివైన ఏర్పాటే, కానీ ఫైలు పేరు, పరిమాణం ఇందులో వెళ్లేవి కావు. ఎంత రావాలో తెలియనప్పుడు ఎంత శాతం వచ్చిందో చెప్పేదెలా? చివరి ముక్క నిండకపోతే ఉత్త అక్షరాలతో నింపి పంపేవారు కాబట్టి, దిగిన ఫైలు అసలు దానికంటే కాస్త పెద్దదిగా కూడా ఉండేది. తర్వాత వచ్చిన వైమోడెమ్ మొదటి ముక్కలోనే పేరూ పరిమాణమూ పంపడంతో, శాతం లెక్కకు ఆధారం దొరికింది.

అసలు మలుపు 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రూపొందించిన జెడ్‌మోడెమ్. అందులో ఎక్కడి నుంచి పంపాలో నిర్ణయించేది పంపేవాడు కాదు, పుచ్చుకునేవాడు. సగం దిగిన ఫైలు తన దగ్గరుంటే దాని పొడవు చూసుకుని, `ZRPOS` అనే సందేశంలో 'ఈ బైటు నుంచి మొదలుపెట్టు' అని చెబుతాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ ఆయువుపట్టు ఇదే. ఏం అందిందో నిజంగా తెలిసినవాడు అందుకున్నవాడే కదా.

లెక్క వేసి చూద్దాం. 2400 బిట్ల మోడెమ్ మీద సెకనుకు దాదాపు 240 బైట్లు దిగుతాయి. పది లక్షల బైట్ల ఫైలుకు సుమారు 70 నిమిషాలు. సరిగ్గా గంట దగ్గర లైను తెగితే 8,64,000 బైట్లు చేతిలో ఉంటాయి. మొదటి నుంచి మొదలుపెడితే మరో 70 నిమిషాలు, ఆగిన చోటి నుంచి అయితే మిగిలిన 1,36,000 బైట్లకు తొమ్మిదిన్నర నిమిషాలు చాలు.

అదే జెడ్‌మోడెమ్‌లో `ZFREECNT` అనే ప్రశ్న కూడా ఉంది: 'నీ డిస్కులో ఎన్ని బైట్ల ఖాళీ ఉంది?' అని పంపేవాడు అడగవచ్చు. శాతం, కొనసాగింపు, చోటు చూసుకోవడం, మూడూ అప్పటికే ఒక గూటికి చేరాయన్నమాట.

తీరా వెబ్ వచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 ప్రమాణంలో ఫైలు మధ్య నుంచి అడిగే వీలు లేదు. 1997 జనవరిలో వెలువడిన 1.1 ఆ లోటు తీర్చింది. పై ఫైలునే ఇప్పుడు అడిగితే ఇలా ఉంటుంది:

```
Range: bytes=864000-
If-Range: "v1"
```

సర్వరు ఒప్పుకుంటే జవాబు ఇది:

```
206 Partial Content
Content-Range: bytes 864000-999999/1000000
```

అడిగినప్పటి రెండో వరుసలోని `"v1"` ఫైలుకు సర్వరు ఇచ్చిన గుర్తు. ఈలోగా అక్కడ ఫైలు మారిపోయి ఉంటే గుర్తు కలవదు. అప్పుడు సర్వరు 206కు బదులు 200 అని చెప్పి మొత్తం ఫైలు పంపుతుంది. పాత ముక్కను పారేసి సున్నా నుంచి రాసుకోవాలి. అది గమనించని ప్రోగ్రాము అంతే పరిమాణమున్న కొత్తదాన్ని పాతదాని తోకకు అతికిస్తే 18,64,000 బైట్ల పనికిరాని ఫైలు మిగులుతుంది. అది పరిమాణం చూస్తేనే దొరికిపోతుంది. గుర్తు అడగకుండా `Range` ఒక్కటే పంపితే ప్రమాదం ఇంకా ఎక్కువ. పాత ఫైలు తల, కొత్త ఫైలు మొండెం కలిసిపోయినా, రెండింటి పరిమాణం ఒకటే అయితే బైట్ల లెక్క చక్కగా సరిపోతుంది.

చోటు సంగతి మాత్రం వెబ్‌లో పూర్తిగా దించుకునేవాడి బాధ్యత. కొనసాగించేటప్పుడు కావలసింది మిగిలిన 1,36,000 బైట్లకే. అయితే మొదట్లో ఉన్న ఖాళీ చివరిదాకా ఉంటుందన్న హామీ లేదు, ఈలోగా వేరే ప్రోగ్రాము నింపేయవచ్చు. అందుకే కొన్ని ప్రోగ్రాములు ముందే పూర్తి పరిమాణంలో చోటు పట్టి ఉంచుతాయి. అప్పుడు ఫైలు పొడవు చూసి ఎంత దిగిందో చెప్పలేం కనుక, ఆరియా2 అనే ప్రోగ్రాము ఆ లెక్కను పక్కనే `.aria2`తో ముగిసే పేరున్న చిన్న ఫైలులో రాసుకుంటుంది. డౌన్‌లోడ్ ముగియకముందే దాన్ని చెత్త అనుకుని తీసేయకండి. ఇంకో చిక్కు ఫ్యాట్32 కార్డులది: ఎంత ఖాళీ ఉన్నా, ఒక్క ఫైలు నాలుగు జీబీకి చేరకముందే ఆగిపోతుంది.

ఆగి ఆగి దిగిన పెద్ద ఫైలు ఏదైనా, తెరిచే ముందు ఒక్కసారి `sha256sum` నడిపి, వచ్చిన అంకెను ఆ ఫైలు ఇచ్చినవారు ప్రకటించిన అంకెతో పోల్చి చూసుకోండి.