పద్ధతిగా చెడే ద్రవం

లిథియం-అయాన్ బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ చెడకుండా ఉన్నంతకాలమే బ్యాటరీ బతుకుతుందనుకుంటాం. దాని పుట్టుక చూస్తే సంగతి వేరు. ఆ ద్రవం మొదటి చార్జింగ్‌లోనే కొంత చెడుతుంది. ఎలా చెడిందన్నదాన్ని బట్టే ఆయుష్షు. తొలి పరిశోధకులు మొగ్గుచూపిన ద్రావణి ప్రొపిలీన్ కార్బొనేట్. గడ్డకట్టే చలిలోనూ ద్రవంగానే ఉంటుంది, లవణాన్ని బాగా కరిగిస్తుంది. గ్రాఫైట్‌తో మాత్రం దానికి పొసగలేదు. లిథియం వెంట తానూ గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి, అక్కడే విచ్ఛిన్నమై, పొరల్ని విడగొట్టేది. గ్రాఫైట్ మీద దాని విచ్ఛిత్తిని డే, సలివన్ 1970లోనే ప్రచురించారు. 1991లో సోనీ తెచ్చిన తొలి బ్యాటరీలో గ్రాఫైట్ బదులు క్రమంలేని కార్బన్ వాడింది ఇందుకే. ఇథిలీన్ కార్బొనేట్‌కు ప్రొపిలీన్ కార్బొనేట్‌తో ఉన్న తేడా ఒక్క మిథైల్ సమూహమే. అయితే అది 36 డిగ్రీల దాకా గడ్డగానే ఉంటుంది కనుక ఎవరి కంటికీ ఆనలేదు. 1990లో ఫాంగ్, వాన్ సాకెన్, డాన్ గ్రాఫైట్‌తో దాన్ని వాడి చూపించారు. అదీ విచ్ఛిన్నమవుతుంది, కానీ ఆ శిథిలాలు పుండు మీద చెక్కులా పైన పొర కడతాయి. లిథియం అయాన్లు దాన్ని దాటగలవు, ఎలక్ట్రాన్లు దాటలేవు. ఇక గడ్డకట్టే గుణానికి విరుగుడుగా డైమిథైల్ కార్బొనేట్ వంటి పల్చని ద్రావణిని కలిపారు.

చెడని ద్రవాన్నే వెతకొచ్చుగా అనవచ్చు. చార్జయిన గ్రాఫైట్ ఇంచుమించు లిథియం లోహమంత చురుకైనది. దాని ముందు ఈ కార్బొనేట్లేవీ నిలవవు. లిథియం టైటనేట్ వాడితే ఈ బెడద చాలా తగ్గుతుంది, కానీ సుమారు ఒకటిన్నర వోల్టు వదులుకోవాలి. లవణం ఎంపికలోనూ ఇలాంటి రాజీయే. పర్‌క్లోరేట్‌కు పేలుడు గుణం, ఆర్సెనేట్ రకంలో పాషాణం, ఇమైడ్ రకం అల్యూమినియం రేకును తినేస్తుంది. ఆ రేకు మీద రక్షణ పొర కట్టే LiPF6 అలా మిగిలింది. కానీ దానికి వేడి పడదు, తేమ అసలే పడదు. నీరు తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం కాథోడ్ నుంచి మాంగనీసును కరిగిస్తే, అది గ్రాఫైట్ దాకా చేరి అక్కడి పొరను పాడుచేస్తుంది. ఒక మూల తప్పు మరో మూల బయటపడడం ఈ వ్యవహారంలో మామూలే.

సంకలితాల పని ఈ పొరను బాగుచేయడం. రెండు శాతం వినైలీన్ కార్బొనేట్ కలిపితే, ఇథిలీన్ కార్బొనేట్ కంటే ముందు తానే విచ్ఛిన్నమై మరింత గట్టి పొర కడుతుంది. ఇంత చిన్న మోతాదుకు అంత ఫలితమా అన్న సందేహానికి లెక్కే జవాబు. ఒక్కో చార్జింగ్‌లో లిథియంలో వెయ్యో వంతు పొరలో చిక్కుకుపోతుందనుకుంటే, వెయ్యి చార్జింగ్‌ల తర్వాత మిగిలేది 37 శాతం. అదే పదివేలో వంతైతే 90 శాతం. ఎలక్ట్రోడ్ కణాల పగుళ్లూ ఆయుష్షు తీస్తాయి, నిజమే. కానీ పగిలిన ప్రతి కొత్త ముఖం మీదా మళ్లీ పొర కట్టాల్సింది ఈ ద్రవమే. అలాగని సంకలితాన్ని ఎక్కువగా పోస్తే పొర మందమై నిరోధం పెరుగుతుంది. పొర చీలడం, మళ్లీ కట్టుకోవడం సిలికాన్ కలిసిన ఆనోడ్‌లో బాగా తెలుస్తుంది. ప్రతి చార్జింగ్‌కూ ఉబ్బి కుంగే సిలికాన్ పొరను చీలుస్తూనే ఉంటుంది, ఫ్లోరోఇథిలీన్ కార్బొనేట్ అనే సంకలితం పూడుస్తూనే ఉంటుంది. ఆ సంకలితం అయిపోగానే, అంతదాకా నెమ్మదిగా తగ్గుతూ వచ్చిన సామర్థ్యం ఒక్కసారిగా పడిపోతుంది.