ప్యాకెట్ ప్రయాణం

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో డేటా ఒకే మూటగా కాక, ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని రాండ్ సంస్థలో పాల్ బారన్, 1965లో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో డొనాల్డ్ డేవిస్ విడివిడిగా ఈ ఆలోచన చేశారు. అణుదాడి జరిగినా సమాచార వ్యవస్థ ఎలా నిలుస్తుందన్నది బారన్ సమస్య. ఖరీదైన కంప్యూటర్‌ను పదిమందీ దూరం నుంచి వాడుకోవడమెలా అన్నది డేవిస్ సమస్య.

1969 అక్టోబరు 29న తొలి సందేశం పంపిన ఆర్పానెట్‌లో, ప్యాకెట్లను క్షేమంగా చేర్చే పూచీ నెట్‌వర్క్‌దే. ఫ్రాన్స్‌లో సిక్లాడ్ నెట్‌వర్క్‌ను రూపొందించిన లూయీ పూజాఁ ఆ పూచీని చివరి కంప్యూటర్లకు అప్పగించాడు. అసలు మలుపు ఇదే. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రచురించిన పద్ధతిలోనూ ఈ ఆలోచనే ఉంది. అదే తర్వాత ఐపీ, టీసీపీ అనే రెండు పొరలుగా విడిపోయింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ వాటికి మారింది.

ఐపీ మామూలు టపా లాంటిది. కవరు మీది చిరునామా చివరిదాకా మారదు. సంచీకి కట్టిన చీటీ మాత్రం ప్రతి సార్టింగ్ ఆఫీసులో మారుతుంది. ప్యాకెట్‌లో ఐపీ చిరునామా ఆ కవరు మీదిది, మ్యాక్ చిరునామా సంచీ చీటీ మీదిది. పిన్‌కోడ్ మొదటి అంకెలు చూసి ఉత్తరాన్ని ఏ దిక్కుకు పంపాలో తేల్చినట్టే, రౌటర్ కూడా ఐపీ చిరునామా ముందు భాగాన్ని చూసి తర్వాతి మజిలీని ఎంచుకుంటుంది. ఉత్తరం చేరిందా లేదా అన్నది దానికి పట్టదు.

ఆ పని టీసీపీది. 6000 బైట్ల ఫైలును ఈథర్‌నెట్ మీద పంపాలనుకుందాం. ప్యాకెట్‌కు సాధారణంగా 1460 బైట్ల డేటా పడుతుంది కాబట్టి ఐదు ప్యాకెట్లవుతాయి. చివరిదానిలో 160 బైట్లే. లెక్క సులువు కోసం బైట్లకు 1 నుంచి వరుస సంఖ్యలు వేద్దాం. రెండో ప్యాకెట్ దారిలో పోయింది. మొదటిది అందగానే గ్రహీత ‘ఇక 1461 కావాలి’ అని రసీదు పంపుతుంది. మూడు, నాలుగు, ఐదు ప్యాకెట్లు అందినా ప్రతిసారీ అదే రసీదు వెళుతుంది. ఒకే రసీదు మూడుసార్లు మళ్లీ రావడంతో, పంపినవైపు రెండో ప్యాకెట్‌ను మాత్రమే తిరిగి పంపుతుంది. అది చేరగానే వచ్చే రసీదు 6001.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. ఉత్తరాలు ఎక్కువైతే తపాలా ఆఫీసు వాటిని పారెయ్యదు. వరుస నిండిపోయిన రౌటర్ మాత్రం కొత్త ప్యాకెట్లను వదిలేస్తుంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ పక్కనే ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పోయిన ప్యాకెట్లను కంప్యూటర్లు ఎడాపెడా తిరిగి పంపుతూ రద్దీని ఇంకా పెంచాయి. దీనికి వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం నేటికీ టీసీపీకి పునాది: ప్యాకెట్ పోతే దారి నిండిందని అర్థం చేసుకుని, పంపే కంప్యూటరే వేగం తగ్గించుకోవాలి.