ఏడో చీర

మన చేనేత సహకార సంఘం ప్రత్యేక సంచికకు సంఘం పుట్టుక గురించి రాయమన్నారు. రిజిస్ట్రేషన్ తేదీ, అధ్యక్షుల వరుస, భవనం శంకుస్థాపన ఫొటో ముందు పేజీల్లో ఎలాగూ వస్తాయి. నేను ఒక కథ చెబుతాను. కోయంబత్తూరు, మదురై పాత పేటల్లో మన పిల్లలకు చరిత్ర మాస్టర్లు ఒక పని ఇస్తుంటారు. చవక మిల్లు గుడ్డ వచ్చిపడిన రోజుల్లో మగ్గం మీద కూర్చున్న మనిషి తన మాటల్లో చెప్పుకున్నట్టు కథ రాయాలి. రాసినవాటిలో చాలావరకు ఒకటే కథ. తెల్లదొర వస్తాడు, నేతగాడి బొటనవేళ్లు నరికిస్తాడు, మగ్గం మూలపడుతుంది.

బొటనవేళ్ల మాట బెంగాల్‌ది. అది కూడా 1772లో విలియం బోల్ట్స్ అనే కంపెనీ మాజీ ఉద్యోగి రాసిన దాని ప్రకారం వేరేగా ఉంటుంది. పట్టు తీసేవాళ్లు బలవంతపు పని తప్పించుకోవడానికి తమ వేళ్లు తామే కోసుకున్నారని ఆయన రాశాడు. మన పేటల్లో ఎవరూ ఎవరి వేళ్లూ నరకలేదు. మన మగ్గాలు ఆగిపోలేదు కూడా. ఆగిపోయి ఉంటే ఈ సంఘమే ఉండేది కాదు. ముందుగా ఆగింది రాట్నం. మిల్లు గుడ్డ కంటే మిల్లు నూలు మన ఇళ్లలోకి లోతుగా వచ్చింది. కోయంబత్తూరులో స్టేన్స్ దొర మిల్లు 1888లో, మదురైలో హార్వీ మిల్లు 1892లో మొదలయ్యాయి. తర్వాత మన భాషే మాట్లాడే నాయుళ్లు పీళమేడులో, పాపనాయకన్‌పాళయంలో మిల్లులు కట్టారు. ఇవన్నీ పేరు తెచ్చుకున్నది ప్రధానంగా నూలుతోనే. ఆ నూలు కొన్నదెవరు? మనమే.

పిల్లలకు నమూనాగా ఉంటుందని ఆ కథను నేనే రాసిపెడుతున్నాను. కాలం 1890ల చివర, ఊరు కోయంబత్తూరు. నేతగాడు కల్పితం, అందుకే పేరు పెట్టలేదు. నూలు లెక్క మాత్రం నిజం. కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

*

మా అవ్వ రాట్నం తిప్పడం మానేసి అప్పటికి చాన్నాళ్లయింది. ధాత కరువుకు ముందు పడుగూ పేకా రెండూ ఆమె చేతివే. తర్వాత సీమ నూలు వచ్చింది. నున్నగా, ఒకే మందాన ఉండేది. కుంచె పట్టి గంజి తీస్తే పోగు తెగేది కాదు. పడుగుకు అది పెట్టి, పేకకు అవ్వ నూలు వాడాం. అప్పటికీ అవ్వ ఏమీ అనలేదు. పేకకు కూడా సీమ నూలే తెచ్చిన నాడు మాత్రం, "నేను రోజంతా వడికి ఏం లాభం, దూది ధరకే నూలు వస్తోందంట గదరా, ఇంక నాకెందుకు" అని రాట్నం అటక మీద పెట్టించింది. ఆ రోజు ఇంట్లో ఎవరం బాధపడలేదు. మగ్గానికి నూలు చాలడం లేదనే బెంగ తీరింది. పని పెరిగింది.

తెల్ల గుడ్డ దెబ్బ మరోలా తగిలింది. రైలు దిగిన బేళ్లలో మల్లు గుడ్డ సంతకు వచ్చింది. మేము నేసే తెల్ల పంచెకు బేరం పడిపోయింది. మా వీధిలో పంచెలు నేసేవాళ్లు ముగ్గురు నలుగురు మానుకుని కూలికి పోయారు. మాకు కలిసొచ్చింది అంచు చీర. పల్లె ఆడవాళ్లు కట్టే ఎనిమిది గజాల ముతక చీర, రెండు పక్కలా ఎర్ర అంచు, చివర కొంగు. ఒక్కో ఊరికి ఒక్కో అంచు, ఒక్కో వెడల్పు. ఊరికి పాతిక చీరలు చాలు, ఆపైన అడగరు. మిల్లు ఒక రకం మొదలుపెడితే వేల గజాలు నేయాలి. ఈ పాతిక చీరల కోసం మగ్గం మార్చుకోవడం దానికి గిట్టదు. అంచుకొక నాడె, నడుమకొక నాడె, మళ్లీ అంచుకొక నాడె. ఈ మూడు నాడెల పని చేతికి తెలుసు.

అలా చీరల్లో దిగాం. నూలు సావుకారు ఇస్తాడు, చీర సావుకారే తీసుకుంటాడు, కూలి కట్టి ఇస్తాడు. పది పౌన్ల బొత్తిలో 20 నంబరు నూలు 200 చిలపలు. ఒక చీరకు పడుగులో పద్నాలుగున్నర, పేకలో పదమూడు, వృథాతో కలిపి ఇరవై ఎనిమిది చిలపలు. ఏడు చీరలకు 196. నాలుగు చిలపలు మిగలాలి. "బొత్తికి ఏడు చీరలప్పా" అన్నది సావుకారు మాట. న్యాయమైన మాటే.

ఒకసారి బొంబాయి బొత్తి ఒకటి ఇచ్చాడు. ఆరు చీరలు దిగాయి. ఏడో దానికి నూలు చాలలేదు. సగం చీరకు కూడా రాని నూలు మిగిలింది.

"ఏడోది ఏదప్పా?"

"నూలు అయిపోయింది సావుకారూ."

"అయిపోయిందా, అమ్ముకున్నావా?"

ఆ మాటకు చెమటలు పట్టాయి. మా వీధిలో మనిషికి అంతకంటే పెద్ద నింద లేదు. నూలు దొంగ అన్నవాడికి ఇంకో సావుకారు బొత్తి ఇవ్వడు.

ఇంటికొచ్చి మిగిలిన నూలు ముందేసుకుని కూర్చున్నాను. మా ఇంటిది చిలప విప్పింది. చిలపలో ఏడు కట్లు ఉంటాయి. ఒక్కో కట్టుకు 80 చుట్లు, చుట్టు గజంన్నర. అన్నీ కలిపితే 840 గజాలు. ఆమె ఒక కట్టు తీసి చుట్లు లెక్కపెట్టింది. డెబ్బై రెండు. నేను తప్పనుకున్నాను. ఇంకోటి లెక్కపెట్టింది. డెబ్బై రెండు. మూడోది అవ్వ లెక్కపెట్టింది, చూపు ఆనకపోయినా వేళ్లతో. డెబ్బై రెండు.

అంటే చిలపకు 840 గజాలు కాదు, 756. పది పౌన్లు తూగాలి కాబట్టి నూలు కాస్త ముతక. ముద్ర 20 నంబరు, లోపల 18 నంబరు. చిలపలు లెక్కపెడితే రెండు వందలూ ఉంటాయి. తక్కెడలో పెడితే పది పౌన్లూ తూగుతాయి. పొడవులో పదో వంతు పోయింది. ఆ పదో వంతే నా ఏడో చీర.

మర్నాడు ఆరు చీరలూ, మిగిలిన చిలపలూ మూటగట్టి సావుకారు దగ్గరికి పోయాను. "తూచండి" అన్నాను. గంజి బరువు కాస్త ఎక్కువ తప్ప, పది పౌన్లకు సరిపోయింది. "నేను ఒక్క పోగు అమ్మలేదు. మీ నూలు నా చీరల్లోనే ఉంది. ఒక్కో చీర తూచండి, మునుపటి కంటే బరువు" అన్నాను. ఆయన పాత చీర తెప్పించి పక్కన పెట్టి తూచాడు. నిజమే.

సావుకారు చెడ్డవాడు కాదు. కట్టు విప్పి తనే లెక్కపెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను మాత్రం ఎవరిని అడగనప్పా, అరువు మీద తెచ్చిన బేలు" అన్నాడు. దొంగ మాట వెనక్కి తీసుకున్నాడు. పుస్తకంలో మాత్రం ఏడో చీర నా పేరునే రాశాడు, సగం ఖరీదుకు. మిగతా సగం తను భరించాడు.

మా ఇంటిది వింటే కోపపడుతుందనుకున్నాను. "ఇంకమీదట బొత్తి ఇంటికి తెచ్చేముందు అక్కడే కట్టు విప్పు" అంది. విప్పితే సావుకారు బొత్తి ఇవ్వడు మరి. మాకు నూలిచ్చేదీ ఆయనే, చీర తీసుకునేదీ ఆయనే.

*

కథ అక్కడితో ఆపాను. ఇందులో మిల్లు గుడ్డ కనిపించేది కొద్దిసేపే అని మాస్టర్లు అనవచ్చు. పంచెలు నేసేవాళ్లను తీసుకుంటే కథ మరోలా ఉంటుంది, వాళ్లది నిజంగానే మగ్గం వదిలిన కథ. రాట్నం తిప్పిన అవ్వల్ని తీసుకుంటే ఇంకా వేరు. వాళ్ల పని పోయిందని ఏ సావుకారు పుస్తకంలోనూ రాయలేదు, పిల్లలెవరూ వాళ్ల వైపు నుంచి రాయరు. ఎవరైనా రాస్తే ముందు చదివేది నేనే. మదురై నేపథ్యం పెట్టుకునే పిల్లలు ఒకటి గమనించాలి. అక్కడ నేతలో, అద్దకంలో ముందున్నవాళ్లు సౌరాష్ట్రులు. మనవాళ్ల పేటలు వాళ్ల పక్కనే. మన అంచులకు ఎరుపు అద్దినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ ఎరుపు కూడా పందొమ్మిదో శతాబ్దం చివరికి వేరు నుంచి కాక డబ్బాలో వచ్చిన ఆలిజరిన్ రంగుగా మారిపోయింది.

ఇక మన సంఘం సంగతి. నూలిచ్చే చెయ్యీ చీర తీసుకునే చెయ్యీ ఒకటే కావడం ఆ నేతగాడి చిక్కు. ఆ చెయ్యి సభ్యులదే కావాలన్నది సంఘం ఆలోచన. 1904 చట్టం అప్పు సంఘాలకే దారి ఇచ్చింది. కొనుగోలూ అమ్మకమూ చేసే సంఘాలకు 1912 చట్టంతో వీలయింది. 1935లో మద్రాసులో రాష్ట్ర చేనేత సహకార సంఘం ఏర్పడింది, ఇప్పుడు అందరూ కో-ఆప్టెక్స్ అంటారు. ఊరి సంఘాలు నేసిన చీరకు దుకాణం దొరికింది. సంఘానికి మొదటి పని నూలు కొనడం. అమ్మకం రెండోది. బొత్తి పంచేముందు కట్టు విప్పి చుట్లు లెక్కపెట్టడం పెద్దలు వదలని అలవాటు. ముద్ర నమ్మి పంచితే తేడా సభ్యుడి ఖాతాలో పడుతుందని వాళ్లకు తెలుసు.

సర్కారు సాయం కూడా వచ్చింది. 1953 చట్టంతో మిల్లు గుడ్డ మీద గజానికి ఆనాటి మూడు పైలు పన్ను వేసి ఆ డబ్బు ఖద్దరుకూ చేనేతకూ కేటాయించారు. చిలప నూలు మీద మాత్రం ఇప్పటికీ పోరు ఉంది. మిల్లు అమ్మే నూలులో ఇంత భాగం చిలపలుగా చుట్టాలని నియమం ఉంది, మగ్గానికి కోన్ పనికిరాదు కాబట్టి. ఆ భాగం మునుపు సగం. 2003లో 40 శాతానికి, 2019లో 30 శాతానికి తగ్గించారు. చిలపగా బయలుదేరిన నూలు దారిలో పవర్‌లూమ్ షెడ్డు చేరి కోన్‌గా మారిపోతుందన్న ఫిర్యాదు సంఘం సమావేశాల్లో వినని ఏడు లేదు. ఈసారి సర్వసభ్య సమావేశంలో కూడా కార్యక్రమ పత్రంలో మొదటి అంశం నూలే.