డామినేటింగ్ సెట్: ఏలుబడి చదరంగానిదే

చదరంగం బల్ల మీద 64 గళ్ళూ మంత్రి దాడిలో ఉండాలి, లేదా మంత్రే అక్కడ కూర్చోవాలి. కనీసం ఎంతమంది మంత్రులు కావాలి? 1862లో యేనిష్ అనే చదరంగ పండితుడు ఈ ప్రశ్నను పట్టుకున్నాడు. జవాబు అయిదు. లెక్క పాతదే, పేరే ఆలస్యంగా వచ్చింది. 1958లో క్లోద్ బెర్జ్ ఇలాంటి కనీస సంఖ్యను ‘బాహ్య స్థిరత్వ గుణకం’ అన్నాడు. ఆ పేరు వింటే విషయం ఒక్క ముక్కా తట్టదు. 1962లో ఓయ్‌స్టైన్ ఓర్ తన గ్రాఫ్ సిద్ధాంత గ్రంథంలో ఇలా అన్నిటినీ ఏలే సమూహాన్ని ‘డామినేటింగ్ సెట్’ అన్నాడు. అదే నిలిచింది.

గ్రాఫ్‌లో ఎంచుకున్న ప్రతి బిందువూ తన పొరుగు బిందువులను ఏలుతుంది; మంత్రి ఒక్క ఎత్తులో చేరగల గళ్ళే దాని పొరుగు. అయితే ఈ ఏలుబడి పొరుగు దాకానే, పొరుగువాడి పొరుగు దాకా పోదు. ఒకే రోడ్డు మీద వరసగా క, ఖ, గ, ఘ, చ, ఛ అనే ఆరు ఊళ్ళున్నాయనుకోండి. ప్రతి ఊళ్ళోనో, ఆనుకున్న ఊళ్ళోనో అంబులెన్స్ ఉండాలి. ఒక బండి మహా అయితే మూడు ఊళ్ళను చూసుకోగలదు, కాబట్టి రెండుకు తగ్గదు. ఖ, చలలో పెడితే సరిగ్గా సరిపోతుంది.

తొందరపడి మొదటి బండిని గలో పెట్టామా, క ఒక చివర, చ, ఛలు మరో చివర మిగిలిపోతాయి. ఇంకో రెండు పెట్టక తప్పదు; కలో ఒకటి, చలో ఒకటి పెట్టామనుకోండి. మొత్తం మూడు. తమాషా ఏమిటంటే, ఆ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా ఏదో ఊరు దిక్కులేనిదవుతుంది. తీసేయడానికి ఏమీ లేనంత మాత్రాన అదే అతి తక్కువ కాదు. ఊళ్ళు వందల్లో ఉంటే, దారులు అడ్డదిడ్డంగా అల్లుకుంటే, కచ్చితంగా అతి తక్కువ సంఖ్యను ఎప్పుడూ వేగంగా తేల్చే పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.