టెట్ సైకాలజీ బిట్లు: పిల్లాడు ఎలా ఆలోచించాడో తెలిస్తే జవాబు అక్కడే ఉంటుంది

టెట్ పేపర్‌లో 150 ప్రశ్నలుంటే, వాటిలో 30 శిశు వికాసం-పెడగాజీకే వెళ్తాయి. ఉత్తీర్ణతకు జనరల్ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు కావాలి. అంటే ఈ 30 మార్కులు చాలామందిని గట్టెక్కిస్తాయి, లేదంటే ముంచుతాయి. ఇప్పుడు ఇది కొత్తగా రాసేవాళ్లకే పరిమితం కాదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాలని చెప్పింది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్తున్నవాళ్లు కూడా ఇప్పుడు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నారు.

చాలామంది పియాజే, వైగాట్‌స్కీ, కోల్‌బర్గ్ దశలను పట్టికలు వేసి బట్టీ కొడతారు. తీరా పరీక్షలో "ఒక పిల్లవాడు ఇలా చేశాడు, కారణం ఏమిటి?" అని అడిగితే నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తాయి. ఇలాంటి ప్రశ్నకు జవాబు పట్టికలో దొరకదు, పిల్లాడు చేసిన పనిలో దొరుకుతుంది. ఒక లెక్క తీసుకుని చూద్దాం.

తప్పు వెనక ఉన్న నియమం

మూడో తరగతి చదివే సలీం మూడు తీసివేతలు చేశాడు. 52 - 17 = 45 అని, 40 - 16 = 36 అని, 68 - 24 = 44 అని రాశాడు. అతని సమస్య ఏమిటి?

ఎ) నిర్లక్ష్యంగా చేశాడు
బి) తీసివేత గుర్తు అర్థం కాలేదు
సి) ప్రతి స్థానంలో పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు
డి) ఒక అంకె తీసివేతలు రావు

ఆప్షన్లు చదివే ముందు సలీం చేసినట్టే మనమూ చేసి చూడాలి. 52 - 17లో ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, అతను 7లోంచి 2 తీసి 5 వేశాడు. పదుల స్థానంలో 5లోంచి 1 తీస్తే 4. అలా 45 వచ్చింది. రెండో లెక్కలోనూ అంతే, 6లోంచి 0 తీసి 6 వేశాడు. మూడో లెక్కలో పై అంకెలే పెద్దవి కాబట్టి జవాబు సరిగ్గా వచ్చింది.

ఇప్పుడు ఆప్షన్లు వాటంతటవే రాలిపోతాయి. మూడో లెక్క సరిగ్గా చేశాడు కాబట్టి గుర్తు తెలుసు. 7లోంచి 2, 6లోంచి 0 తప్పు లేకుండా తీశాడు కాబట్టి ఒక అంకె తీసివేతలూ వచ్చు. నిర్లక్ష్యమైతే తప్పు ఒక్కోసారి ఒక్కోలా ఉండేది, ఇక్కడ రెండుసార్లూ ఒకేలా వచ్చింది. మిగిలింది సి.

సలీంకు ఈ నియమం ఎక్కడిది? ఒకటో తరగతిలో "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్" అని విన్నాడు. ఒక అంకె లెక్కలకు అది పనికొచ్చింది. రెండంకెల లెక్కలకూ అతను దాన్నే మోసుకొచ్చాడు. పిల్లలు తమకు తెలిసినదాంతోనే కొత్తదాన్ని అర్థం చేసుకుంటారు అని నిర్మాణాత్మకవాదం చెప్పేది ఇదే.

"టీచర్ మొదట ఏం చేయాలి?" అని అడిగితే

ఇదే లెక్క మీద రెండో ప్రశ్న రావచ్చు. బోర్డు మీద మళ్లీ చేసి చూపడం, పదిసార్లు రాయించడం, వెనుకబడిన గ్రూపులోకి మార్చడం, ఎలా చేశాడో అతన్నే చెప్పమని పుల్లల కట్టలతో చేయించడం అనేవి ఆప్షన్లు అనుకుందాం.

పదిసార్లు రాయిస్తే పాత నియమమే గట్టిపడుతుంది. బోర్డు మీద చూపిస్తే మన పద్ధతి కనిపిస్తుందే తప్ప, తన పద్ధతి ఎక్కడ తప్పిందో అతనికి తెలియదు. అదే ఐదు పదుల కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి 17 తీయమంటే, విడి పుల్లలు రెండే కాబట్టి ఏడు తీయడం కుదరదు. ఒక కట్ట విప్పక తప్పదు. అప్పుడు నాలుగు కట్టలు, 12 పుల్లలు అవుతాయి. ఏడు పుల్లలు, ఒక కట్ట తీసేస్తే 35 మిగులుతుంది. తను రాసిన 45 ఎందుకు కుదరదో అతనే చూస్తాడు. కాబట్టి నాలుగో ఆప్షనే జవాబు.

తర్వాత నేర్చుకున్నాడో లేదో చూడటానికి ఏ లెక్క ఇవ్వాలి? 68 - 24 లాంటిది ఇస్తే లాభం లేదు, పాత నియమంతోనూ అది సరిగ్గానే వస్తుంది. 64 - 28 ఇవ్వాలి. 36 వస్తే నియమం మారింది, 44 వస్తే పాతదే ఉంది. లోపనిర్ధారణ పరీక్షకు, మార్కులు వేసే పరీక్షకు తేడా అడిగితే ఇదే గుర్తు తెచ్చుకోండి. మొదటిది తప్పు ఎక్కడుందో బయటపెట్టేలా ఉండాలి.

భాషలోనూ ఇదే దారి

నాలుగేళ్ల పాప "పువ్వులు, బల్లలు" అంటూనే "చెట్టులు" అంటుంది. ఇది అనుకరణ వల్ల వచ్చిందా? ఇంట్లో పెద్దలెవరూ "చెట్టులు" అనరు కదా. విననిది అందంటే, తనే ఒక నియమం తయారు చేసుకుని అన్నిటికీ వాడుతోందన్నమాట. దీన్నే అతి సాధారణీకరణం అంటారు. అందుకే భాషంతా అనుకరణ, పునర్బలనాల వల్లే వస్తుందన్న వివరణ ఇక్కడ చాలదు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లాడు తెలుగు మీడియం క్లాసులో సగం జవాబు ఉర్దూలో చెప్పాడనుకోండి. అందులో విషయం సరిగ్గా ఉంటే అతనికి భావన వచ్చినట్టే, రావాల్సింది తెలుగు మాట. కాబట్టి జవాబును అంగీకరించి, తెలుగు మాటను జోడించి చెప్పే ఆప్షన్ సరైనది. ఇంటి భాషను బోధనకు వనరుగా చూడాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005 కూడా చెప్పింది.

ఎక్కడ జాగ్రత్తపడాలి

మెత్తగా వినిపించే ఆప్షనే ఎప్పుడూ జవాబు అనుకోవద్దు. "పిల్లాణ్ని మెచ్చుకుని వదిలేయాలి", "పెద్దయ్యాక అదే వస్తుంది" అన్నవి సలీం నియమాన్ని మార్చవు. పిల్లాడి ఆలోచనను ఒక మెట్టు ముందుకు జరిపేది ఏదో చూడాలి.

ప్రశ్నలో పిల్లాడు చెప్పిన కారణాన్ని వదిలేయడం ఇంకో పొరపాటు. పొడవాటి గ్లాసులోకి ఒంపిన నీళ్లను చూసి ఐదేళ్ల పిల్లాడు "పైదాకా ఉన్నాయి, ఇవే ఎక్కువ" అంటే, ఎత్తునొక్కదాన్నే చూసి వెడల్పును వదిలేశాడని అర్థం, అది ఏకమితి. తిరిగి పాత గ్లాసులో పోస్తే మళ్లీ సమానమవుతాయని ఊహించలేకపోతే అది విపర్యయాత్మక భావన లోపం. రెండూ పూర్వ ప్రచాలక దశవే అయినా, పిల్లాడి మాటే జవాబును మారుస్తుంది.

అన్ని బిట్లకూ ఈ పద్ధతి పనిచేయదు. సిద్ధాంతం ఎవరిది, ఏ దశ ఏ వయసులో అనే ప్రశ్నలకు జ్ఞాపకమే దిక్కు, వాటిని చదవాల్సిందే. టెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలొద్దు. సమయం 150 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు ఒక్క నిమిషమే. గుర్తున్నవి క్షణాల్లో పెట్టేసి, మిగిలిన సమయాన్ని సలీం లాంటి పిల్లలున్న ప్రశ్నలకు ఉంచుకోండి.