ప్రొబేషనర్ తొలగింపు: సాదా తొలగింపు, శిక్ష

ప్రొబేషన్‌లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగికి ఆ పోస్టుపై హక్కు ఉండదు. పని నచ్చకపోతే, నియమాల ప్రకారం, విచారణ లేకుండానే పంపేయవచ్చు. ఇది సాదా తొలగింపు. తప్పు చేశాడని నిర్ధారించి పంపితే అది శిక్ష. అప్పుడు రాజ్యాంగం 311(2) అధికరణం ప్రకారం అభియోగాలు తెలిపి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈ తేడాను సుప్రీంకోర్టు 1957లో పురుషోత్తం లాల్ ధింగ్రా కేసులో స్పష్టం చేసింది.

చిక్కంతా శిక్షకు సాదా తొలగింపు రూపం ఇచ్చినప్పుడే వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్‌దే. 1981 జూన్ 22న శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లు ఉదయం వ్యాయామ శిక్షణకు సుమారు 22 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆలస్యానికి సూత్రధారుల్లో ఒకరని అనూప్ జైస్వాల్‌ను అనుమానించారు. తాను ఎవరినీ ఉసిగొల్పలేదని ఆయన సంజాయిషీ ఇచ్చారు. సక్రమమైన విచారణ లేకుండానే డైరెక్టర్ సిఫార్సు వెళ్లింది. నవంబరులో కేంద్రం డిశ్చార్జి ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఆ ఉదయం ప్రస్తావనే లేదు. సర్వీసుకు తగడని మాత్రమే ఉంది.

1984లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు వెనక ఏముందో చూసింది. ఆ ఆలస్యపు ఉదంతమే లేకుంటే తొలగింపే ఉండేది కాదని తేల్చింది. అంటే ఆరోపణే తొలగింపుకు పునాది. ఉత్తర్వు కొట్టేసి, సీనియారిటీతో తిరిగి చేర్చుకోమంది. ఇది న్యాయమైన తీర్పు. ఒక యువ అధికారి జీవితాన్ని వినకుండా మార్చేయడం మాటలు మెత్తబరిచినంత మాత్రాన చెల్లదు.

అయితే ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ తొలగింపు శిక్ష కాదు. ఫిర్యాదుల నిజానిజాలు తేల్చకుండా, ఇతన్ని కొనసాగించడం మంచిది కాదని అధికారి అనుకుంటే ఆ ఫిర్యాదులు కేవలం ప్రేరణ, తొలగింపు నిలుస్తుంది. ఉద్యోగికి చెప్పకుండా, వెనకాల విచారణ జరిపి దోషి అని తేల్చి పంపితే అవి పునాది అవుతాయి. జస్టిస్ ఎం. జగన్నాధరావు 1998, 1999 నాటి రెండు తీర్పుల్లో, రాధేశ్యామ్ గుప్తా, దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసుల్లో, ఈ గీతను విశదంగా గీశారు.

తొలగింపును శిక్షగా మార్చే కళంకం ఉందా లేదా అన్నది చూసేందుకు ఉత్తర్వులోని మాటలే కాదు, అది ప్రస్తావించిన లేఖలు కూడా చదవాలని రెండో తీర్పు చెప్పింది. రేపు మరో ఉద్యోగానికి వెళ్తే ఆ లేఖలు అడుగుతారు గనక. పని సంతృప్తికరంగా లేదని రాస్తే మాత్రం సాధారణంగా కళంకం కాదు.

ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ప్రైవేటు కంపెనీల్లో ప్రొబేషన్ చేసేవారికి 311 వర్తించదు. వారికి నియామక పత్రంలోని షరతులు, కార్మిక చట్టాలే ఆధారం.