క్రీడా నివేదికకు సారాంశం: ఫలితం, మలుపులు, మెరుగైన ప్రదర్శనలు

క్రీడా నివేదికను కుదించడమంటే అందులోని విషయాన్ని తక్కువ మాటల్లో తిరిగి చెప్పడం. సాధారణంగా దానికి మూడు భాగాలుంటాయి. ఎవరు ఎంత తేడాతో గెలిచారన్నది మొదటిది. ఆట ఏ దశలో దిశ మార్చుకుందన్నది రెండవది. ఎవరి ప్రదర్శన ప్రధానంగా నిలిచిందన్నది మూడవది. నివేదిక చేయని వ్యాఖ్యను సారాంశం తనంతట తాను చేయరాదన్నది ఈ మూడింటికీ వర్తించే నియమం. తెలుగులో ఈ నియమానికి భంగం కలిగించేవి చాలావరకు పెద్ద వాక్యాలు కావు. ఒక ప్రత్యయం, ఒక క్రియాపదం చాలు.

2023 జనవరి 21న ఛత్తీస్‌గఢ్‌లో భారత్, న్యూజిలాండ్ జట్ల మధ్య జరిగిన రెండవ వన్డే ఇందుకు తగిన ఉదాహరణ. రాయ్‌పూర్ శివార్లలో మందిర్ హసౌద్‌కు సమీపాన, పరసదా వద్ద ఉన్న షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్ మైదానం ఆ మ్యాచ్‌కు వేదికైంది. ఆ మైదానంలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ అదే.

నమూనా నివేదిక

మ్యాచ్ వివరాల ఆధారంగా ఉదాహరణ కోసం కూర్చిన నివేదిక ఇది:

"న్యూజిలాండ్‌తో మూడు వన్డేల సిరీస్‌లో రెండవ మ్యాచ్‌ను భారత్ 8 వికెట్ల తేడాతో గెలిచి, 2-0 ఆధిక్యం సాధించింది. టాస్ గెలిచిన భారత కెప్టెన్ రోహిత్ శర్మ నిర్ణయం చెప్పేందుకు కొన్ని క్షణాలు ఆగి, ఆ తర్వాత బౌలింగ్ ఎంచుకున్నారు. తొలి ఓవర్‌లో మహమ్మద్ షమీ, ఫిన్ అలెన్‌ను బౌల్డ్ చేశారు. 11వ ఓవర్ మూడవ బంతికి టామ్ లేథమ్ ఔటైనప్పుడు న్యూజిలాండ్ స్కోరు 5 వికెట్లకు 15. గ్లెన్ ఫిలిప్స్ ఆరవ వికెట్‌కు బ్రేస్‌వెల్‌తో 41, ఏడవ వికెట్‌కు శాంట్నర్‌తో 47 పరుగులు జోడించారు. 103 పరుగుల వద్ద శాంట్నర్ ఏడవ వికెట్‌గా వెనుదిరిగారు. న్యూజిలాండ్ 34.3 ఓవర్లలో 108 పరుగులకు ఆలౌటైంది. ఫిలిప్స్ 36, శాంట్నర్ 27, బ్రేస్‌వెల్ 22 పరుగులు చేశారు. షమీ 18 పరుగులిచ్చి 3, హార్దిక్ పాండ్య 16 పరుగులిచ్చి 2, వాషింగ్టన్ సుందర్ 7 పరుగులిచ్చి 2 వికెట్లు తీశారు. సిరాజ్, శార్దూల్, కుల్‌దీప్‌లకు తలా ఒక వికెట్ దక్కింది. భారత్ 20.1 ఓవర్లలో 2 వికెట్లకు 111 పరుగులు చేసింది. రోహిత్ 50 బంతుల్లో 51 పరుగులు చేసి, తొలి వికెట్‌కు శుభ్‌మన్ గిల్‌తో 72 పరుగులు జోడించారు. గిల్ 40 పరుగులతో అజేయంగా నిలిచారు. షమీ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు."

ఫలితం

ఫలితాన్ని చెప్పే వాక్యంలో విజేత, ప్రత్యర్థి, తేడా, సిరీస్ స్థితి ఉండాలి. ఇక్కడ తేడా 8 వికెట్లు, సిరీస్ 2-0. మరో మ్యాచ్ మిగిలి ఉండగానే మూడు మ్యాచ్‌ల సిరీస్ భారత్ వశమైందని చెప్పవచ్చా? చెప్పవచ్చు. మూడింటిలో రెండు గెలిచిన జట్టుదే సిరీస్ అన్నది లెక్క, వ్యాఖ్య కాదు. భారత్ 121 బంతులు ఆడింది కనుక 300 బంతుల్లో 179 మిగిలాయని చెప్పడం కూడా అలాంటిదే. నివేదికలోని అంకెల నుంచి కూడికతోనో తీసివేతతోనో వచ్చేది సారాంశంలో ఉండవచ్చు. ఊహతో వచ్చేది ఉండరాదు.

ఓవర్ల అంకెలో ఒక పొరపాటుకు అవకాశం ఉంది. 20.1 అంటే ఇరవై ఓవర్ల ఒక బంతి. అది దశాంశం కాదు. రేడియోలో దాన్ని "ఇరవై పాయింట్ ఒకటి" అని చదివితే కొందరు శ్రోతలకు అర్థం కాదు. "ఇరవై ఓవర్ల ఒక బంతికి" అని రాసుకుంటే చదివేవారికీ వినేవారికీ ఇబ్బంది ఉండదు.

మలుపులు

మూడు భాగాల్లో ఇదే కష్టమైనది. ఫలానా ఘట్టం మ్యాచ్‌ను మలుపు తిప్పిందని నివేదిక చెబితే, సారాంశం ఆ మాటను నివేదిక పేరు మీద చెప్పవచ్చు. పై నివేదికలో మలుపు అనే మాట ఎక్కడా లేదు. అలాంటప్పుడు స్కోరు గమనం ఒక్కసారిగా మారిన చోట్లను గుర్తించి, ఆ క్షణానికి స్కోరు ఎంతో చెప్పి ఆగాలి.

ఈ మ్యాచ్‌లో అలాంటి చోట్లు రెండు కనిపిస్తాయి. 11వ ఓవర్ మూడవ బంతికి స్కోరు 5 వికెట్లకు 15 కావడం మొదటిది. ఆ తర్వాత రెండు భాగస్వామ్యాలు కలిసి 88 పరుగులు తెచ్చాయి. శాంట్నర్ ఔటైన 103 నుంచి 108 వరకు, అంటే 5 పరుగుల వ్యవధిలో చివరి నాలుగు వికెట్లు పడటం రెండవది. రోహిత్ అర్ధ శతకం మలుపు కాదు. 109 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తున్న జట్టు గమనం అక్కడ మారలేదు. అది మూడవ భాగంలోకి వెళుతుంది.

టాస్ ఘట్టం ఇక్కడ ఒక పరీక్ష. కెప్టెన్ కొన్ని క్షణాలు ఆగడం నివేదికలో ఉంది. శ్రోతకు అది ఆసక్తి కలిగిస్తుంది కూడా. కానీ ఆట గమనంతో దానికి సంబంధం ఉందని నివేదిక చెప్పలేదు. కుదింపులో అది వదిలేయదగిన వివరం. "బౌలింగ్ ఎంచుకోవడంతో న్యూజిలాండ్ తక్కువ స్కోరుకు ఆలౌటైంది" అని రాయడం మరింత పెద్ద పొరపాటు. 'డంతో' అనే రూపం రెండు సంఘటనల మధ్య కారణ సంబంధాన్ని కలుపుతుంది. నివేదికలో ఆ రెండూ వేర్వేరు వాక్యాలు. ఒకదాని వల్ల మరొకటి జరిగిందని అందులో లేదు. "భారత్ టాస్ గెలిచి బౌలింగ్ ఎంచుకుంది. న్యూజిలాండ్ 108 పరుగులకు ఆలౌటైంది" అని రెండు వాక్యాలుగా ఉంచితే సరిపోతుంది.

మెరుగైన ప్రదర్శనలు

ఈ భాగానికి ఆధారం రెండు విషయాలు. నివేదిక ప్రకటించిన పురస్కారం ఒకటి, అంకెలు రెండవది. షమీకి రెండూ ఉన్నాయి. రోహిత్ 51 పరుగులు మ్యాచ్‌లో అత్యధిక వ్యక్తిగత స్కోరు. ఇది నివేదికలోని స్కోర్లను పోల్చితే తెలుస్తుంది. ఓడిన జట్టులో ఫిలిప్స్ చేసిన 36 పరుగులు, ఆయన పాలుపంచుకున్న రెండు భాగస్వామ్యాలు కూడా చేర్చాలి. ఓడిన జట్టు ప్రస్తావనే లేని సారాంశం అంకెల్లో ఎక్కడా తప్పు చేయకపోవచ్చు. అయినా న్యూజిలాండ్ ఇన్నింగ్స్‌లో చెప్పదగినదేమీ లేదనే తీర్పును అది మౌనంగా ఇచ్చినట్లవుతుంది.

తెలుగు శ్రోతల విషయంలో మరో ప్రలోభం ఉంటుంది. మూడు రోజుల ముందు, 2023 జనవరి 18న హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో జరిగిన తొలి వన్డేలో గిల్ 208 పరుగులు చేశారు. సిరాజ్ హైదరాబాద్‌కు చెందినవారు. రెండూ నిజాలే. శ్రోతలకు నచ్చేవి కూడా. అయితే పై నివేదికలో ఈ రెండూ లేవు. వాటిని కలిపితే 40 పరుగుల ఇన్నింగ్స్ ఒక కొనసాగింపుగా, ఒక్క వికెట్ సొంత ఊరి ఆటగాడి విశేషంగా మారతాయి. నిజమైన విషయం కూడా నివేదికలో లేనప్పుడు చేర్పే అవుతుంది. అవసరమైతే దాన్ని సారాంశం ముగిసిన తర్వాత వేరే వాక్యంగా, మరో ఆధారంతో ఇవ్వాలి.

చిన్న మాటల్లో దాగే తీర్పు

"న్యూజిలాండ్ 108 పరుగులకు ఆలౌటైంది" అన్నది సమాచారం. "108 పరుగులకే ఆలౌటైంది" అన్నది సమాచారంతో పాటు అభిప్రాయం. చివరి 'ఏ' కారం ఆ స్కోరు తక్కువని, అంతకంటే ఎక్కువ ఆశించామని చెబుతుంది. "కేవలం", "ఏకంగా", "సైతం" అన్న మాటలూ ఇదే పని చేస్తాయి. "కుప్పకూలింది", "చేతులెత్తేసింది" అనే క్రియలు ఓటమికి ఒక స్వభావాన్ని అంటగడతాయి. "షమీ ధాటికి" అంటే పది వికెట్లూ ఒకరి ఖాతాలో పడినట్లు వినిపిస్తుంది. ఆయన తీసినవి మూడు, మిగిలిన ఏడు మరో ఐదుగురివి.

నివేదికే "108 పరుగులకే" అని ఉంటే ఆ మాట ఉంచవచ్చు. లేనప్పుడు చేర్చడం తగదు. సారాంశం పూర్తయ్యాక ప్రతి పదాన్నీ వేలు పెట్టి చూపి, "ఇది నివేదికలో ఎక్కడుంది?" అని అడగడం సులువైన తనిఖీ. జవాబు దొరకని పదం తీసివేయాలి. తీసివేసినా వాక్యంలో సమాచారం తగ్గకపోతే అది వ్యాఖ్యేనని తెలుస్తుంది.

అంకెలు పొసగనప్పుడు

నివేదికలోనూ తప్పులుంటాయి. బౌలర్ల వికెట్లను కూడితే తేలికగా తెలుస్తుంది. పై నివేదికలో 3, 2, 2, 1, 1, 1 కలిపితే పది. రనౌట్లు లేని ఇన్నింగ్స్‌లో ఆ మొత్తం ఆలౌటైన జట్టు వికెట్లకు సమానం కావాలి. భాగస్వామ్యాలూ అంతే. 15కు 41 కలిపితే 56, దానికి 47 కలిపితే 103. లెక్క కుదరకపోతే సారాంశం రాసేవారు తమకు తోచిన అంకె వేసుకోరాదు. అధికారిక స్కోరుకార్డుతో సరిచూడాలి. అదీ వీలుకానప్పుడు ఆ అంకెను వదిలేయాలి.

పూర్తయిన సారాంశం

"న్యూజిలాండ్‌తో జరిగిన రెండవ వన్డేలో భారత్ 8 వికెట్ల తేడాతో గెలిచింది. మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో 2-0 ఆధిక్యం సాధించింది. తొలుత బ్యాటింగ్ చేసిన న్యూజిలాండ్ 15 పరుగుల వద్ద ఐదవ వికెట్ కోల్పోయింది. ఫిలిప్స్ రెండు భాగస్వామ్యాలతో స్కోరు 103కు చేరింది. అక్కడి నుంచి 5 పరుగుల వ్యవధిలో చివరి నాలుగు వికెట్లు పడి, ఆ జట్టు 108 పరుగులకు ఆలౌటైంది. షమీ 18 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. ఫిలిప్స్ 36 పరుగులు చేశారు. భారత్ ఇరవై ఓవర్ల ఒక బంతికి లక్ష్యాన్ని చేరింది. రోహిత్ శర్మ 51 పరుగులు చేయగా, గిల్ 40 పరుగులతో అజేయంగా నిలిచారు."

ఇందులో టాస్ లేదు, ఉప్పల్ ద్విశతకం లేదు, 'కే' ప్రత్యయం లేదు. ఉన్న ప్రతి అంకె నివేదికలోనిదో, దాని నుంచి లెక్కకు వచ్చినదో. రేడియోలో శ్రోత ఈ మాటలను ఒక్కసారే వింటారు. మూల నివేదికను పక్కన పెట్టుకుని పోల్చుకునే అవకాశం వారికి ఉండదు. సారాంశంలో కలిసిన వ్యాఖ్య ఏది, మూలంలోనిది ఏది అని విడదీసి చూడగలిగేది దాన్ని రాసినవారు ఒక్కరే.